గుహలోకి వెళ్తేనే టీవీ ఎందుకు మినుకుమంటుంది?

మా బాబాయి కొడుకు కొత్తగా ఓలెడ్ టీవీ కొన్నాడు. పీఎస్5 గేమ్ కన్సోల్ అప్పటికే ఉంది. రెండూ కలిపాక నాలుగు రోజులు సంతోషంగా ఆడాడు. ఐదో రోజు రాత్రి ఫోన్ చేశాడు. "అన్నా, గుహలోకి పోగానే గోడలు ఊగుతున్నాయి. వోల్టేజీ తగ్గినప్పుడు బల్బు కొట్టుకున్నట్టు ఉంది. బయట మైదానంలోకి వస్తే ఏమీ లేదు."

వాడికి మొదట వచ్చిన అనుమానం కరెంటు మీదే. స్టెబిలైజర్ కొన్నాడు, తగ్గలేదు. కేబుల్ మార్చాడు, తగ్గలేదు. కంపెనీ వాళ్లకు ఫోన్ చేస్తే మెకానిక్ మధ్యాహ్నం పూట వచ్చాడు. కిటికీ తెరలన్నీ తీసి ఉన్న హాల్లో పూలూ పక్షులూ ఉన్న డెమో వీడియో పెట్టి చూసి, ప్యానెల్ బాగానే ఉందని రాసి వెళ్లిపోయాడు. అతను చెప్పింది అబద్ధం కాదు. ఆ వెలుతురులో, ఆ వీడియోలో, ఈ జబ్బు కనపడదు.

రాత్రి నేను వెళ్లి లైట్లు ఆపించి చూశాను. కాగడా వెలుగు పడిన రాతి మీద ఏ తేడా లేదు. ఆ వెలుగు అంచు దాటాక, ఇంకా పూర్తి నలుపు కాని ముదురు బూడిద రంగు గోడ ఒకటి ఉంది చూడండి, అది మాత్రం సెకనుకు రెండు మూడుసార్లు తేలికై మళ్లీ ముదురవుతోంది. "కదలకుండా నిలబడు" అన్నాను. నిలబడ్డాడు. ఆగిపోయింది. "ఇప్పుడు కెమెరా తిప్పు" అన్నాను. మళ్లీ మొదలైంది. కరెంటు తప్పయితే మనిషి నిలబడ్డాడా, తిరుగుతున్నాడా అని చూడదు కదా. తప్పు ఎక్కడుందో అక్కడే తెలిసిపోయింది. వాడు ఎంతో ఇష్టంగా ఆన్ చేసుకున్న వీఆర్ఆర్, అంటే వేరియబుల్ రిఫ్రెష్ రేటు, అక్కడ తన పని తాను చేస్తోంది.

ఆ పని ఏమిటో ముందు చూద్దాం. మామూలు టీవీ తెర గడియారం లాంటిది. 60 హెర్ట్జ్ అంటే ప్రతి 16.7 మిల్లీసెకన్లకు ఒకసారి తెరను కొత్తగా రాస్తుంది, గేమ్ సిద్ధంగా ఉన్నా లేకపోయినా. కన్సోల్‌కు ఒక బొమ్మ గీయడానికి 18 మిల్లీసెకన్లు పట్టిందనుకోండి. బస్సు తప్పిపోయినట్టే. టీవీ పాత బొమ్మనే ఇంకోసారి చూపిస్తుంది. కొత్తది వచ్చేసరికి 33 మిల్లీసెకన్లు గడిచిపోతాయి. ఆలస్యమైంది ఒక్క మిల్లీసెకను చిల్లర, కంటికి కనపడేది పెద్ద కుదుపు. వీఆర్ఆర్ ఈ పద్ధతిని తిరగేస్తుంది. బొమ్మ వచ్చేదాకా టీవీ ఆగుతుంది. 18 పడితే 18, 20 పడితే 20. రెండు బొమ్మల మధ్య హెచ్‌డీఎంఐ సిగ్నల్‌లో ఒక ఖాళీ సమయం ఎప్పుడూ ఉంటుంది. వీఆర్ఆర్ చేసేదల్లా ఆ ఖాళీని సాగదీయడమే. 2017లో వచ్చిన హెచ్‌డీఎంఐ 2.1 ప్రమాణంలో ఇది చేరింది. పీఎస్5కు 2022 ఏప్రిల్‌లో అప్‌డేట్ ద్వారా వచ్చింది. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, ఎస్‌లలో మొదటి నుంచీ ఉంది.

ఆన్ చేయడంలో తికమక ఏమిటంటే, రెండు వైపులా చేయాలి. టీవీ వైపు మొదలు పెట్టండి. నాలుగు హెచ్‌డీఎంఐ పోర్టులున్నా చాలా టీవీల్లో 4కె 120 హెర్ట్జ్ తీసుకునేవి రెండే ఉంటాయి. పోర్టు పక్కన గానీ మాన్యువల్‌లో గానీ రాసి ఉంటుంది. కన్సోల్ ఆ పోర్టుకే పెట్టాలి, అదీ పీఎస్5 పెట్టెలో వచ్చిన కేబుల్‌తోనే. తర్వాత ఆ పోర్టుకు పూర్తి సిగ్నల్ తీసుకునే అనుమతి ఇవ్వాలి. ఈ సెట్టింగును ఎల్‌జీ `HDMI Deep Colour` అంటుంది, సామ్‌సంగ్ `Input Signal Plus` అంటుంది, సోనీ `HDMI signal format` అంటుంది. ఎల్‌జీలో అయితే పిక్చర్ మోడ్ `Game Optimizer`కు మార్చి, దాని లోపల వీఆర్ఆర్‌ను విడిగా ఆన్ చేయాలి.

ఇక పీఎస్5 వైపు దారి ఇది:

```
Settings > Screen and Video > Video Output > VRR > Automatic
```

ఎక్స్‌బాక్స్‌లో ఇది:

```
Settings > General > TV & display options > Video modes > Allow variable refresh rate
```

పీఎస్5లో అదే చోట కింద `Apply to Unsupported Games` అని ఇంకో మీట ఉంది. వీఆర్ఆర్ కోసం ప్రత్యేకంగా తయారుకాని గేములకు కూడా దాన్ని వర్తింపజేసే మీట అది. దీన్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ ఇక్కడికే రావాలి. అన్నీ పెట్టాక నిజంగా పనిచేస్తోందో లేదో టీవీ చెబితేనే నమ్మండి. గేమ్ నడుస్తుండగా టీవీ గేమ్ మెనూ తెరిస్తే ఫ్రేమ్ రేటు, అంటే సెకనుకు ఎన్ని బొమ్మలు వస్తున్నాయనే అంకె, కనిపిస్తుంది. అది 60 దగ్గర రాయిలా నిలబడకుండా 57, 53, 59 అని కదులుతుంటే వీఆర్ఆర్ నడుస్తున్నట్టే.

ఆ కదిలే అంకెలోనే మన మినుకుమినుకు కూడా ఉంది.

ఓలెడ్ తెరలో వెనక బల్బు లేదు. ప్రతి చుక్కా సొంతంగా వెలుగుతుంది. ఆ చుక్క ఎంత వెలగాలో చెప్పే చిన్న సర్క్యూట్ దాని వెనకే ఉంటుంది. తెరను కొత్తగా రాసిన ప్రతిసారీ ఆ సర్క్యూట్‌లో కొంత వోల్టేజీ నింపుతారు, చుక్క ఆ నింపిన దాన్ని బట్టి వెలుగుతుంది. ఎంత నింపితే ఎంత వెలుగు అనే లెక్కను గామా అంటారు. ఫ్యాక్టరీలో ఆ లెక్క కట్టేటప్పుడు ఏదో ఒక రిఫ్రెష్ రేటు పెట్టుకుని కట్టాలి. 120 హెర్ట్జ్ పెట్టుకుని కట్టారనుకోండి. చుక్కకు ఛార్జీ నిండే సమయం 120 దగ్గర ఒక రకంగా ఉంటుంది, 50 దగ్గర ఇంకో రకంగా ఉంటుంది. లెక్క మాత్రం ఒకటే. ఫలితంగా ఒకే బూడిద రంగు 120 దగ్గర ఒక ఛాయలో, 50 దగ్గర కొంచెం తేలిక ఛాయలో వస్తుంది. వీఆర్ఆర్‌లో మినుకు గురించి 2020లో ఎల్‌జీ ఇచ్చిన వివరణ సారం కూడా ఇదే: గామా ఒక స్థిరమైన రేటుకు కుదిర్చింది, రేటు కదిలితే చుక్కల ఛార్జింగ్ సమయం ఆ లెక్కతో పొసగదు.

అయితే ఆకాశం ఎందుకు మినుకుమనదు? అదే తేడా అక్కడా ఉంది కదా! ఉంది, కానీ కంటికి చేరదు. మిణుగురు పురుగు అమావాస్య రాత్రి ఎంత దూరం నుంచైనా కనిపిస్తుంది, మిట్టమధ్యాహ్నం ముక్కు ముందు ఎగిరినా కనపడదు. కన్ను వెలుగును కూడికలతో కొలవదు, నిష్పత్తితో కొలుస్తుంది. ఉదాహరణకు ఒక లెక్క అనుకుందాం. తెర వెలుగును కొలిచే కొలత నిట్. గుహ గోడ 0.10 నిట్ వెలుగుతో ఉంది, రేటు మారేసరికి 0.13 అయింది. నూటికి ముప్పై వంతులు పెరిగినట్టు. అదే 0.03 నిట్ తేడా 100 నిట్ ఉన్న ఆకాశంలో వస్తే దాన్ని పట్టుకునే కన్ను లేదు. పైగా నలుపుకు దగ్గర్లో ఓలెడ్ చుక్కకు కావలసిన కరెంటు చాలా చాలా తక్కువ కాబట్టి, చిన్న పొరపాటు కూడా అక్కడ పెద్ద వంతుగా తేలుతుంది. పొరపాటు ఎక్కువయ్యే చోటే కంటి సున్నితత్వమూ ఎక్కువ. రెండూ చీకట్లోనే కలిశాయి.

పూర్తి నలుపుకు మాత్రం ఈ బాధ లేదు. అక్కడ చుక్క ఆరిపోయి ఉంటుంది, ఆరిపోయిన దీపానికి ఎక్కువ తక్కువలు ఉండవు. అందుకే సినిమాకు పైనా కిందా వచ్చే నల్ల పట్టీలు ఎప్పుడూ ఊగవు. మా తమ్ముడి టీవీలో గుహ ద్వారం దాటాక ఉన్న కారు నలుపు కూడా ఊగలేదు. దానికీ కాగడా వెలుగుకూ మధ్య ఉన్న ఆ బూడిద పట్టీయే ఊగింది. మీ ఇంట్లో కూడా ఎక్కడ ఊగుతోందో ఒకసారి ఇలా దగ్గరగా చూడండి. మొత్తం తెర ఊగుతుంటే అది వేరే వ్యవహారం.

ఇప్పుడు ఒక గేమ్ తీసుకుని పూర్తిగా నడిపి చూద్దాం. ఎల్డెన్ రింగ్ దీనికి చక్కగా సరిపోతుంది, ఎందుకంటే దాని ఫ్రేమ్ రేటు స్వభావం ఆడేవాళ్లందరికీ తెలిసిందే. పీఎస్5 వెర్షన్‌లో ఫ్రేమ్ రేట్ మోడ్ పెడితే గరిష్ఠం 60. కానీ ఆ 60 దగ్గర నిలకడగా ఉండదు, 45కూ 60కీ మధ్య తిరుగుతుంటుంది. పీఎస్5లో వీఆర్ఆర్ పనిచేసే హద్దు 48 నుంచి 120 హెర్ట్జ్. ఈ రెండు సంగతులు పక్కపక్కన పెట్టండి. ఇరుకు సొరంగంలో, శత్రువులు లేనప్పుడు, గేమ్ 60 ఇస్తోంది. టీవీ ప్రతి 16.7 మిల్లీసెకన్లకు రాస్తోంది, గోడ ఒకే ఛాయలో ఉంది. మలుపు తిరిగి పెద్ద గదిలోకి వచ్చారు, రేటు 52కు పడింది. ఇప్పుడు రాతకూ రాతకూ మధ్య 19.2 మిల్లీసెకన్లు. గోడ కాస్త తేలికైంది. మరుక్షణం 58. గోడ ముదిరింది. ఈ మార్పు నెమ్మదిగా అరగంటలో జరిగితే ఎవరూ గమనించరు. సెకనులో మూడు నాలుగుసార్లు జరుగుతోంది కాబట్టే దాన్ని మినుకు అంటున్నాం. చివరికి రేటు 46కు జారిందనుకోండి, అది హద్దు బయట ఉంది. వీఆర్ఆర్ చేతులెత్తేస్తుంది, కన్సోల్ మళ్లీ స్థిరమైన రేటుకు వెళ్తుంది, గోడ ఇంకోసారి ఛాయ మారుస్తుంది, కదలికలో పాత కుదుపు కూడా తిరిగొస్తుంది. 48 గీత మీద అటూ ఇటూ గెంతే గేమ్ అంత చిరాకు పెట్టేది ఇంకోటి లేదు. వీఆర్ఆర్ వల్ల వచ్చిన లాభమూ పోయింది, మినుకూ మిగిలింది.

ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్‌లో హద్దు 40 దాకా దిగుతుంది. దానికి తోడు ఇంకో ఏర్పాటు ఉంది. రేటు హద్దు కింద పడితే ప్రతి బొమ్మనూ రెండేసిసార్లు పంపుతుంది. గేమ్ 39 ఫ్రేములు ఇస్తే టీవీకి 78 హెర్ట్జ్ చేరుతుంది. కుదుపు లేకుండా ఉండటానికి ఇది మంచి ఉపాయం, నాకు నచ్చిన ఉపాయం. కానీ చీకటి గోడ వైపు నుంచి చూడండి. గేమ్ 40 నుంచి 39కి ఒక్క మెట్టు దిగింది. తెర 40 నుంచి 78కి ఎగిరింది. కదలిక నునుపుగానే ఉంటుంది గానీ ఛాయ ఒక్కసారిగా మారుతుంది. లోడింగ్ స్క్రీన్లలో మినుకు మరీ ఎక్కువగా కనపడటానికి కారణం కూడా ఇలాంటిదే. డిస్క్ నుంచి సరుకు తెచ్చుకునేటప్పుడు ఫ్రేములు ఒక క్షణం ఆగిపోతాయి, ఒక క్షణం వరదలా వస్తాయి. టీవీ రేటు కింది హద్దుకూ పై హద్దుకూ మధ్య ఉయ్యాల ఊగుతుంది. అదే సమయంలో తెర మీద ఉండేది సాధారణంగా ఒక ముదురు రంగు నేపథ్యం, మూలన చిన్న గుర్తు. ఇంతకంటే అనువైన చోటు మినుకుకు దొరకదు.

ఇది ఓలెడ్‌కే పరిమితమా అంటే, కాదు. వీఏ రకం ప్యానెల్ ఉన్న ఎల్‌ఈడీ టీవీలలోనూ వస్తుంది. అక్కడ వెలిగేది బ్యాక్‌లైటే అయినా, ద్రవ స్ఫటికాల్లో నింపిన ఛార్జీ రాతకూ రాతకూ మధ్య కొద్దికొద్దిగా జారుతుంటుంది. ఎంతసేపు ఆగితే అంత జారుతుంది. ఎల్‌ఈడీ టీవీల్లోనే ఇంకో రకమైన ఐపీఎస్ ప్యానెళ్లలో ఇది తక్కువ. కాకపోతే ఐపీఎస్‌లో అసలు నలుపే బూడిదగా ఉంటుంది కాబట్టి, మినుకు కోసం ఓలెడ్ వదిలి అటు పోవడం నాకైతే బేరంగా అనిపించదు.

కాబట్టి మందు ఏమిటి? ప్యానెల్ మార్పించడం మాత్రం కాదు. అదే రకం ప్యానెల్ మళ్లీ వస్తుంది, అదే లెక్కతో. స్టెబిలైజర్ సంగతి చెప్పనే అక్కర్లేదు. మన చేతిలో ఉన్నవి రెండే దారులు: రేటు ఊగకుండా చూడటం, లేకపోతే ఊగినా కంటికి తక్కువగా ఆననివ్వడం.

మొదటి దారి వేరును పట్టుకుంటుంది, అందుకని అదే ముందు. గేమ్ మెనూలో పర్ఫార్మెన్స్ మోడ్, క్వాలిటీ మోడ్ అని రెండు ఉంటే, ఏది నిలకడగా నిలుస్తుందో అది ఎంచుకోండి. పేరు చూసి కాదు, టీవీ చూపించే అంకె చూసి. నిలకడైన 60 ఉన్న గేమ్‌లో వీఆర్ఆర్ ఆన్‌లో ఉన్నా మినుకు రాదు, ఎందుకంటే మారడానికి రేటే మారడం లేదు. ఎల్డెన్ రింగ్ విషయంలో అయితే ఆడేవాళ్లు కనిపెట్టిన చక్కని అడ్డదారి ఉంది. పీఎస్5 మీద పీఎస్4 వెర్షన్ ఇన్‌స్టాల్ చేసుకోవడం. బొమ్మ నాణ్యత కొంత తగ్గుతుంది, రేటు మాత్రం 60 దగ్గర దాదాపు కదలకుండా ఉంటుంది. పీఎస్4 వెర్షన్ సేవ్‌ను తర్వాత పీఎస్5 వెర్షన్‌లోకి తెచ్చుకోవచ్చు గానీ అటు నుంచి ఇటు రాదు. అందుకని ఆట మొదట్లోనే తేల్చుకోవడం మేలు.

అలాంటి వెసులుబాటు లేని గేమ్ అయితే, ఇందాక గుర్తుపెట్టుకోమన్న `Apply to Unsupported Games` ఆపేయండి. వీఆర్ఆర్ కోసం తయారైన గేములకు అది అలాగే ఉంటుంది, మిగిలినవి స్థిరమైన రేటుకు వెళ్తాయి. కుదుపు కొంచెం వస్తుంది. చీకటి గుహలే ఎక్కువున్న గేమ్‌లో నేను కుదుపునే భరిస్తాను. ఎండ కాసే రేసింగ్ గేమ్‌లో వీఆర్ఆర్‌నే ఉంచుకుంటాను. గేమ్ గేమ్‌కూ మార్చుకోవడం విసుగే, కానీ రెండు నిమిషాల పని.

రెండో దారిలో టీవీ సెట్టింగ్ ఒకటి, గది ఒకటి. ఎల్‌జీ 2021 నుంచి వచ్చిన మోడళ్లలో `Game Optimizer` కింద `Fine Tune Dark Areas` అని ఉంటుంది. నలుపు పక్కన ఉన్న ఛాయలను ఇది పైకీ కిందికీ జరుపుతుంది. మినుకు కనపడే చోట గేమ్ ఆపకుండా నిలబడి, కెమెరా తిప్పుతూ, ఒక్కో మెట్టు తగ్గించండి. ఊగే బూడిద రంగు కొంత నలుపులోకి మునుగుతుంది, మినుకు దానితో పాటు మునుగుతుంది. ఎక్కడ ఆపాలి అంటే, మూలన దాక్కున్న శత్రువు కనపడకుండా పోయే మెట్టుకు ఒక మెట్టు ముందు. అంతకంటే కిందికి పోతే జబ్బుతో పాటు బొమ్మ వివరాలు కూడా పోతాయి. దీనికి విరుద్ధంగా, చీకట్లో శత్రువులు కనపడాలని చాలామంది గేమ్ బ్రైట్‌నెస్సూ, టీవీలో చీకటి ఛాయలను తేలికపరిచే బ్లాక్ స్టెబిలైజర్ సెట్టింగూ పైకి పెట్టేస్తారు. పూర్తి నలుపులో ఉండాల్సిన చుక్కలను కూడా ఊగే పట్టీలోకి తెచ్చి కూర్చోబెట్టడమే అది. ముందు వాటిని వెనక్కి తీసుకోండి, ఒక్కోసారి అంతటితోనే సగం తగ్గుతుంది.

గది విషయానికొస్తే, కటిక చీకట్లో ఆడకండి. టీవీ వెనక గోడ మీద పడేలా చిన్న లైటు పెడితే కనుపాప ఆ వెలుగుకు సర్దుకుంటుంది, 0.10కీ 0.13కీ మధ్య తేడా కంటికి తగ్గుతుంది. మెకానిక్‌కు మధ్యాహ్నం ఏమీ కనపడకపోవడానికి కారణమే ఇక్కడ మందుగా పనికొస్తుంది. లైటు తెర మీద పడకూడదు, తెర వెనకే ఉండాలి.

వీటన్నిటికీ ముందు ఒక పరీక్ష చేసుకోవాలి. మినుకు వచ్చే చోట సేవ్ చేసి, వీఆర్ఆర్ పూర్తిగా `Off` పెట్టి అదే చోట తిరగండి. పోయిందా, ఇంతవరకూ చెప్పిందంతా మీకే. పోలేదా, వేరే చోట వెతకాలి. తెర మొత్తం ఒకటి రెండు సెకన్లు నల్లబడి తిరిగొస్తుంటే, తెల్లని రవ్వలు మెరుస్తుంటే, అది కేబుల్ గానీ పోర్టు గానీ. వెలుగు నెమ్మదిగా, కొన్ని సెకన్లు తీసుకుని మారుతుంటే అది పవర్ సేవింగ్ గానీ, గది వెలుతురు చూసి సర్దుకునే సెన్సర్ గానీ. ఎల్‌ఈడీ టీవీలో వెలుగు వస్తువు చుట్టూ మబ్బులా ఉండి దానితో పాటు కదులుతుంటే అది బ్యాక్‌లైటును భాగాలుగా తగ్గించే లోకల్ డిమ్మింగ్. వీటిలో ఏదీ కెమెరా తిప్పితే మొదలై, నిలబడితే ఆగిపోయేది కాదు. ఆ ఒక్క లక్షణం వీఆర్ఆర్ మినుకుదే.

మా తమ్ముడి ఇంట్లో ఆ రాత్రి చేసిందింతే. గేమ్ బ్రైట్‌నెస్ వాడు బాగా పైకి పెట్టుకున్నాడు, మామూలు స్థాయికి తెచ్చాం. `Apply to Unsupported Games` ఆపాం. స్టెబిలైజర్‌ను విప్పి ఫ్రిజ్‌కు పెట్టించాను. గుహలోకి వెళ్లి అదే మూలన నిలబడి కెమెరా నాలుగుసార్లు తిప్పాడు. గోడ కదల్లేదు. పెద్ద గదిలోకి అడుగు పెట్టినప్పుడు చిన్న కుదుపు వచ్చింది, "ఇది పర్లేదు" అన్నాడు. లోడింగ్ స్క్రీన్ మాత్రం ఇంకో గేమ్‌లో, వీఆర్ఆర్ కోసమే తయారైన దానిలో, ఇప్పటికీ రెండు మూడు క్షణాలు మినుకుమంటుంది. దాన్ని అలాగే వదిలేశాం, దానికోసం ఆ గేమ్‌లోని నునుపు పోగొట్టుకోవడం వాడికి ఇష్టం లేదు.